రికార్డింగు సారాంశంలో టైమ్‌లు: పైన చాప్టర్లుగానా, మాట పక్కనా?

మీటింగుకు రాలేనివాళ్ల కోసం రికార్డింగుకు సారాంశం రాసిపెట్టే వాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. టైమ్‌లన్నీ పైన ఒక పట్టీలా ఇవ్వాలా, లేక ఏ మాటకు ఆ మాట పక్కన వేయాలా? మొన్న మా అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగు సారాంశం నేనే రాయాల్సి వచ్చి, రెండో దారే పట్టాను.

పైన పట్టీ ఇవ్వడం తేలిక. వీడియో యూట్యూబ్‌లో ఉంటే దాన్నే డిస్క్రిప్షన్‌లో వేస్తే చాప్టర్లు వాటంతటవే ఏర్పడతాయి. మొదటి టైమ్ 0:00 అయ్యుండాలి, వరస తప్పకుండా కనీసం మూడు ఉండాలి, ఒక్కో చాప్టరు పది సెకన్లకు తగ్గకూడదు. ప్రవచనానికో, పాఠానికో ఇది చాలు. అక్కడ వినేవాళ్లకు కావలసింది ఒక అంశం మొత్తం. ఎక్కడ మొదలైందో తెలిస్తే అక్కణ్ణుంచి వింటూపోతారు.

మీటింగు సంగతి వేరు. అక్కడ ఎవరైనా వెనక్కి వెళ్లి వినేది ఒకే ఒక్క మాట కోసం. మా సారాంశంలో ‘మెయింటెనెన్స్ అడుగుకు 3 రూపాయల నుంచి 3.50కి, జులై నుంచి’ అని ఒక వాక్యం ఉంది. పట్టీ ప్రకారం ‘మెయింటెనెన్స్’ 28:10 దగ్గర మొదలవుతుంది. కానీ లిఫ్టు గొడవ, వాచ్‌మన్ జీతం, పాత బకాయిలు అన్నీ అయ్యాక గానీ ఆ నిర్ణయం తేలలేదు. 28:10 నొక్కినవాళ్లు దాదాపు పదమూడు నిమిషాల వాదన వినాలి. అంతసేపు ఎవరూ వినరు. వినకుండానే ‘మేం ఒప్పుకోలేదు’ అని గ్రూపులో మెసేజ్ పెడతారు.

అందుకే రేపు ఎవరైనా కాదనగల మాట పక్కనే టైమ్ ఉండాలంటాను. నా లెక్కలో దీన్ని మించిన కొలత లేదు. డబ్బు, గడువు, ‘నేను చేస్తాను’ అని ఎవరైనా ఒప్పుకున్న పని, ఓటు: వీటికి తప్పకుండా వేయాలి. ‘పార్కింగు గురించి చర్చ జరిగింది’ లాంటి వాక్యానికి అక్కర్లేదు. ప్రతి వాక్యానికీ వేస్తే పేజీ అంతా అంకెలతో నిండిపోయి, ఏది ముఖ్యమో కనబడదు.

ఏ క్షణం వేయాలన్నది ఇంకో సంగతి. మా మీటింగులో ప్రెసిడెంటు గారు ‘సరే, అయితే అలాగే’ అన్నది 41:18 దగ్గర. అది వేస్తే వినేవాళ్లకు ఏది అలాగో అర్థం కాదు. ఆయన ‘మూడున్నర, జులై నుంచి, అందరికీ సమ్మతమేనా?’ అని అడిగింది 40:52 దగ్గర. నేను 40:52 వేశాను. జవాబు ఎంత ముఖ్యమైనదైనా, టైమ్ మాత్రం ప్రశ్న మొదలైన చోటిదే వేయాలి.

లింకు ఇస్తే నొక్కగానే అక్కడికే వెళ్తుంది. టైమ్‌ను సెకన్లలోకి మార్చి చివర తగిలిస్తే చాలు:

```
https://youtu.be/VIDEO_ID?t=2452
```

అయితే లింకు ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి, 40:52 అని కంటికి కనబడేలా కూడా రాయండి. వీడియో తీసేసి మళ్లీ ఎక్కిస్తే పాత లింకు పనిచేయదు, అంకె మాత్రం పనికొస్తుంది. సారాంశం ప్రింటు తీసి నోటీసు బోర్డులో అంటించినా అంతే.

రెండు పద్ధతులకూ ఉన్న పెద్ద చిక్కు, తర్వాత ఎవరో వీడియోను కత్తిరించడం. అందరూ వచ్చేదాకా ఎదురుచూసిన మొదటి 4 నిమిషాల 20 సెకన్లు తీసేశారనుకోండి, 40:52 కాస్తా 36:32 అవుతుంది. యూట్యూబ్ ఎడిటర్‌లోనే కత్తిరిస్తే లింకు మారదు కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు. పరీక్ష సులువే: సారాంశంలోని మొదటి టైమ్, చివరి టైమ్ నొక్కి చూడండి. రెండూ ఒకే తేడాతో తప్పితే మొదట్లో కోశారు, అన్నిటిలోంచీ అంత తీసేస్తే సరి. మొదటిది కుదిరి చివరిది తప్పితే మధ్యలో కోశారు, ఆ చోటు వెతికి అక్కణ్ణుంచి కిందివన్నీ మార్చాలి. పట్టీ అయితే మార్చాల్సినవి తక్కువ, ఆ ఒక్క మేలు దానికుందని ఒప్పుకోవాలి.

40:52–41:30 అని మొదలూ చివరా రెండూ ఇచ్చేవాళ్లున్నారు. కోర్టుకెక్కే గొడవైతే తప్ప అంత అవసరం లేదు. నిమిషానికో టైమ్ చొప్పున మొత్తం సంభాషణ ఎత్తిరాయడాన్ని సారాంశం అనలేం.

ఏ పద్ధతి ఎంచుకున్నా, సారాంశం పైన ‘ఈ టైమ్‌లు 1:48:05 నిడివి ఉన్న వీడియోవి’ అని ఒక ముక్క రాసిపెట్టండి. తెరిచిన వీడియో 1:43:45 అని చూపిస్తే, ఎంత కత్తిరించారో చదివేవాళ్లే లెక్క కట్టుకుంటారు.