స్కాన్ చేసిన ఇంకు బొమ్మకి మల్టిప్లై లేయర్లతో రంగులు: చాలాకాలం వాడాక నా రివ్యూ

ఇంకుతో కాగితం మీద బొమ్మ గీసి, స్కాన్ చేసి, క్రిటా అనే బొమ్మలేసే సాఫ్ట్‌వేర్‌లో రంగులేయడం చాలాకాలంగా నా పద్ధతి. గీతల లేయర్ పైన, కింది రంగులతో కలిసిపోయే మల్టిప్లై మోడ్‌లో ఉంటుంది, రంగులన్నీ దాని కింద వేరే లేయర్లలో ఉంటాయి. ఇప్పటికీ ఇదే వాడుతున్నా, కానీ ఇది బాగా పనిచెయ్యాలంటే స్కాన్ శుభ్రంగా ఉండి తీరాలి, దాని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి ముందు అదే చెప్తా.

మల్టిప్లై అంటే పై పిక్సెల్ విలువని కింది పిక్సెల్ విలువతో గుణించి 255తో భాగించడం, అంతే. పైన అచ్చ తెలుపు 255 ఉంటే కింది రంగు అలాగే ఉంటుంది, నలుపు సున్నా కాబట్టి గీత నల్లగానే ఉంటుంది. కానీ స్కానర్‌లో కాగితం సాధారణంగా 255 రాదు, 235 దగ్గర వస్తుంది అనుకోండి, కింద 200 వేసిన రంగు 184 అయిపోతుంది, బొమ్మ మొత్తం మీద పల్చటి మసి పూసినట్టు ఉంటుంది, మనమేమో రంగు తప్పు ఎంచుకున్నామేమో అని గంటలు గంటలు మారుస్తూ కూర్చుంటాం. అందుకే నలుపు తెలుపుల హద్దులు సర్దే లెవెల్స్‌లో తెలుపు వైపు స్లైడర్‌ని కాగితం విలువ కంటే కొంచెం కిందికి, 225 దాకా లాగుతా, నలుపు వైపుది 50 దాకా. మచ్చలు మిగిలాయో లేదో తెలియాలంటే కింద ఒక లేయర్ నిండా చిక్కటి పసుపు పోసి చూడండి, మురికంతా అందులో కనపడిపోతుంది. పెన్సిల్ బొమ్మకి మాత్రం ఇంత గట్టిగా లాగితే సన్నటి షేడింగ్ పోతుంది, అక్కడ మసికి కొంత సర్దుకుపోవాల్సిందే.

ఇంకో మాట, స్కాన్ గ్రేస్కేల్‌లో ఉంటే ముందు ఇమేజ్‌ని RGBకి మార్చుకోవాలి, లేకపోతే ఏ రంగు ఎంచుకున్నా బూడిద రంగే పడుతుంది. స్కాన్‌ని జేపెగ్‌గా కాకుండా పీఎన్‌జీగా దాచుకుంటే గీతల చుట్టూ ఉండే చిన్న చిన్న మరకల బెడద ఉండదు.

మొన్న వేసిన చిలక బొమ్మే తీసుకుందాం. ఫిల్ టూల్‌తో ఒంటికి ఆకుపచ్చ పోస్తే గీత పక్కనే సన్నటి తెల్ల అంచు మిగిలిపోయింది, ఎందుకంటే గీత అంచు నలుపు నుంచి తెలుపుకి బూడిద మెట్లుగా దిగుతుంది, ఫిల్ ఆ బూడిద దగ్గరే ఆగిపోతుంది. ఫిల్ టూల్‌లో గ్రో సెలెక్షన్‌ని 2 పిక్సెల్స్ పెడితే రంగు గీత కిందికి జరిగి అంచు మాయమైపోతుంది, 600 డీపీఐ స్కాన్‌కి 3 లేదా 4 కావాలి. గీత పైనే ఉంటుంది కాబట్టి రంగు కొంచెం దాటినా కనపడదు, నాకు ఈ పద్ధతి నచ్చడానికి పెద్ద కారణం ఇదే.

నీడలకి చదును రంగుల మీద ఇంకో మల్టిప్లై లేయర్, అందులో ఒకే ఒక్క లేత ఊదా రంగు (180, 170, 210). ఒంటి ఆకుపచ్చ (90, 180, 60) మీద అది (64, 120, 49) అయింది, ముక్కు ఎరుపు (220, 50, 40) మీద (155, 33, 33) అయింది, అంటే ఒక్క రంగుతోనే దేని నీడ దానికి తగ్గట్టు వచ్చేసింది, నల్లరంగుతో నీడ వేస్తే ఈ జీవం రాదు. నీడ బొమ్మ దాటకుండా, కింద రంగు ఉన్నచోటే కనపడేలా చేసే ఆల్ఫా ఇన్హెరిటెన్స్ పెడతా, కానీ అది తన కింద అదే గ్రూపులో ఉన్న లేయర్లన్నిటినీ చూస్తుంది, అందుకే రంగులు, నీడ కలిపి ఒక గ్రూపులో పెట్టాలి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో కలిపి వదిలేస్తే నీడ పేజీ అంతా పాకుతుంది.

వెలుగుకి ఓవర్లే అనే ఇంకో మోడ్ చాలామంది వాడతారు, నాకది సగమే నచ్చింది. మధ్యస్థంగా ఉన్న రంగుల మీద బాగుంటుంది, కానీ చిలక పొట్ట దాదాపు తెల్లగా ఉంటే అక్కడ అసలు మార్పే కనపడదు, బాగా చీకటి రంగు మీద కూడా అంతే. అలాంటి చీకటి చోట్ల స్క్రీన్ మోడ్ వాడుకోవాలి.

ఇక మల్టిప్లైతో ఉన్న అసలు లోటు గీతలు ఎప్పటికీ నల్లగానే ఉండిపోవడం. దానికి నేను వాడేది ఇది: గీతల లేయర్ నార్మల్‌లో, దాని పైన స్క్రీన్‌లో ఒక ఖాళీ లేయర్, రెండూ ఒక గ్రూపులో పెట్టి గ్రూపుని మల్టిప్లైకి మార్చాలి. స్క్రీన్‌లో నలుపు మీద వేసిన రంగు అలాగే కనపడుతుంది, తెలుపు తెలుపుగానే ఉంటుంది, కాబట్టి పెద్ద బ్రష్‌తో ముదురు ఆకుపచ్చ రంగు ఈక గీతల మీద పూసేస్తే గీతలే రంగు మారతాయి, చుట్టూ ఉన్న ఆకుపచ్చకి ఏమీ కాదు. ఈకల గీతలు ముదురు ఆకుపచ్చలోకి, ముక్కు గీత మెరూన్‌లోకి మార్చగానే చిలక మీద గీతల బరువు తగ్గిపోయింది, కంటి చుట్టూ మాత్రం నలుపే ఉంచేశా.