తరంగ సమీకరణం చదవడానికి ఏది మేలు: సూత్రంతో పోల్చడమా, ఫేజ్ వెంట వెళ్ళడమా?

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు ఒకసారి స్లిప్ టెస్టులో ఈ సమీకరణం ఇచ్చాను. బిగించి కట్టిన తీగ మీద సాగిపోయే తరంగం అది. x, y సెంటీమీటర్లలో, t సెకన్లలో.

y = 0.3 sin π(0.05x − 200t)

అడిగినవి నాలుగే: కంపన పరిమితి, తరంగదైర్ఘ్యం, పౌనఃపున్యం, వేగం. పేపర్లు దిద్దుతుంటే తరంగదైర్ఘ్యానికి మూడు రకాల జవాబులు కనిపించాయి. ఒకరు 40 సెం.మీ. అన్నారు, ఒకరు 20, ఇంకొకరు 125.7. వేగం మాత్రం ముగ్గురికీ ఒకటే వచ్చింది, సెకనుకు 4000 సెం.మీ. ముగ్గురూ v = fλ తో సరిచూసుకుని పక్కన టిక్కు కూడా పెట్టుకున్నారు!

ముగ్గురూ వాడింది ఒకే పద్ధతి. పుస్తకంలోని ప్రామాణిక రూపం పక్కన పెట్టుకుని, దేని చోట ఏముందో చూసి రాసేయడం. ఆ రూపం ఇది:

y = A sin(kx − ωt)

A కంపన పరిమితి. x పక్కనున్నది k, దాన్నుంచి λ = 2π/k. t పక్కనున్నది ω, దాన్నుంచి f = ω/2π. వేగం ω/k. ఇచ్చిన సమీకరణం సరిగ్గా ఈ ముస్తాబులోనే ఉంటే దీన్ని మించిన దారి లేదు, అర నిమిషంలో పని అయిపోతుంది. ఈఏపీసెట్ లాంటి పరీక్షలో ఇంకో పద్ధతి వెతకడం టైం దండగ.

చిక్కంతా సమీకరణం వేరే వేషంలో వచ్చినప్పుడే. మా ప్రశ్నలో π బ్రాకెట్ బయట ఉంది. 125.7 రాసినవాడు దాన్ని పట్టించుకోకుండా k = 0.05, ω = 200 అనుకున్నాడు. 20 రాసిన అమ్మాయి గుర్తుపెట్టుకున్నది ఇంకో రూపం, y = A sin 2π(x/λ − t/T). బయట ఉన్న π ని 2π అనే అనుకుని, 1/λ = 0.05, 1/T = 200 అని రాసేసింది. బ్రాకెట్ విప్పి k = 0.05π, ω = 200π అని ముందు రాసుకున్నవాడికే 40 సెం.మీ., 100 హెర్ట్జ్ వచ్చాయి. అదే సరైన జవాబు.

మరి v = fλ ఎందుకు పట్టుకోలేదు? 125.7 తో పాటు వచ్చిన పౌనఃపున్యం 31.8. రెండింటినీ గుణిస్తే దాదాపు 4000. 20 ని 200 తో గుణించినా 4000. బయటి π ని మరిచిపోతే k, ω రెండూ ఒకే రెట్టులో తప్పుతాయి కాబట్టి నిష్పత్తి చెక్కుచెదరదు. fλ అన్నది రాసి చూస్తే (ω/2π)(2π/k), అంటే మళ్ళీ ω/k నే. వచ్చిన జవాబును దానితోనే సరిచూసుకున్నట్టయింది. తీగ బిగువు నుంచి పరీక్షించినా ఇదే కథ. మీటరుకు 5 గ్రాముల బరువున్న తీగను 8 న్యూటన్లతో లాగి ఉంచితే √(T/μ) సెకనుకు 40 మీటర్లు. వేగం సరైనదని దీన్నిబట్టి తేలుతుంది, ఇక్కడ T అంటే తన్యత, μ అంటే మీటరు తీగ ద్రవ్యరాశి. కానీ λ తప్పో ఒప్పో ఇది కూడా చెప్పలేదు.

రెండో పద్ధతిలో ఏ సూత్రాన్నీ పక్కన పెట్టుకోనక్కర్లేదు. sin లోపల ఉన్న మొత్తాన్ని ఒక కోణంగా చూడాలి. తెలుగు మీడియం వాళ్ళు దశ అన్నా, క్లాసులో అందరం ఫేజ్ అనే అంటాం. ఆ కోణం 2π పెరిగితే sin ఒక చుట్టు పూర్తి చేసి మొదటికొస్తుంది. (డిగ్రీలు కాదు, రేడియన్లు. కాలిక్యులేటర్ మోడ్ చూసుకోండి.)

ముందు కాలాన్ని ఆపేద్దాం, t = 0 దగ్గర తీగను ఫోటో తీసినట్టు. మిగిలేది y = 0.3 sin(0.05πx). x = 10 దగ్గర కోణం π/2, y = 0.3, అంటే శృంగం. x = 30 దగ్గర కోణం 3π/2, y = −0.3, అంటే ద్రోణి. మళ్ళీ శృంగం x = 50 దగ్గర. 10 నుంచి 50 కి దూరం 40, అదే తరంగదైర్ఘ్యం. ఇప్పుడు తీగ మీద ఒక్క చోటే, x = 0 దగ్గరే చూస్తూ కూర్చుందాం. కోణం సెకనుకు 200π చొప్పున మారుతోంది. అది 2π మారడానికి పట్టేది 1/100 సెకను, కాబట్టి 100 హెర్ట్జ్. ఇక వేగం. శృంగం మీదే కూర్చుని దానితో పాటు పోవాలంటే కోణం మారకూడదు, అంటే 0.05x − 200t స్థిరంగా ఉండాలి. t పెరిగినకొద్దీ x కూడా పెరగాలి, సెకనుకు 200/0.05 = 4000 సెం.మీ. చొప్పున. తరంగం కుడివైపు పోతోందని కూడా ఇదే చెప్పేసింది. (200t − 0.05x) అని తిప్పి ఇచ్చినా కుడివైపే. sin తలకిందులవుతుంది కానీ దిశ మారదు. మైనస్ ఏ పదం ముందుందని గుర్తుపెట్టుకునేవాళ్ళు ఇక్కడే తడబడతారు.

తప్పు పట్టడంలో కూడా ఈ పద్ధతిదే పైచేయి. 20 రాసిన అమ్మాయిని శృంగం నుంచి 20 సెం.మీ. ముందుకు వెళ్ళి y ఎంతో చూడమన్నాను. x = 30 కదా, −0.3 వచ్చింది. ఒక తరంగదైర్ఘ్యం దాటాక శృంగమే రావాలి, ద్రోణి వచ్చిందేమిటని తనే పెన్ను పెట్టి కొట్టేసింది. 125.7 కైతే కోణం మారేది 0.05π × 125.7, దాదాపు 19.7. 2π అంటే 6.28 మాత్రమే. ఒక తరంగం అనుకున్న దాంట్లో మూడుకు పైగా తరంగాలు ఇరుక్కున్నాయన్నమాట.

రెండు పద్ధతుల్లోనూ జారిపోయే చోటు ఒకటుంది. వేగం అడిగితే కొందరు dy/dt చేసేస్తారు. అది తీగ మీది ఒక బిందువు పైకీ కిందికీ ఊగే వేగం. దాని గరిష్ఠం Aω, ఇక్కడ 0.3 × 200π, దాదాపు 188 సెం.మీ., అంటే సెకనుకు 1.9 మీటర్లు. తరంగం పోయేది 40 మీటర్లతో. రెండూ వేర్వేరు సంగతులు.

నా లెక్కలో పరీక్షకు ఇలా చేయడం మేలు. బ్రాకెట్ విప్పి, సూత్రంతో పోల్చి, వచ్చిన λ ని x చోట వేసి కోణం 2π మారిందో లేదో చూసుకోవాలి. ఈ ఆఖరి పనికి పట్టేది పది సెకన్లు. v = fλ టిక్కు మానేసినా నష్టం లేదు.

ఇక పోల్చడానికి సూత్రమే దొరకని సమీకరణాలూ వస్తాయి. y = 6/[2 + (x − 3t)²] లో sin లేదు, k లేదు, ω లేదు. తీగను ఒక్కసారి కుదిపితే పోయే పల్స్ లాంటిది ఇది. హారం అతి తక్కువయ్యేది x = 3t దగ్గర, అక్కడ y = 3. కాబట్టి కంపన పరిమితి 3, వేగం 3. తరంగదైర్ఘ్యం, పౌనఃపున్యం అడిగితే జవాబు ‘లేవు’ అనే, ఎందుకంటే ఇక్కడ మళ్ళీ మళ్ళీ వచ్చే ఆకారం ఏదీ లేదు.