సిన్స్ రాయాలా, ఫర్ రాయాలా?

విశాఖలో మా అపార్ట్‌మెంట్ పంపు లీకవుతుంటే, రిపేరు కంపెనీకి ఇంగ్లిష్‌లో లెటర్ రాశాను. "మూడు రోజుల నుంచి కారుతోంది" అని మనసులో అనుకుని, "ది పంప్ ఈజ్ లీకింగ్ సిన్స్ త్రీ డేస్" అని పెట్టేశాను. పక్కింటి మాస్టారు చూసి రెండు చోట్ల గీత కొట్టారు.

తెలుగులో అన్నిటికీ "నుంచి" సరిపోతుంది. ఇంగ్లిష్‌లో మొదలైన క్షణానికి సిన్స్, గడిచిన కాలానికి ఫర్. సోమవారం, జూన్, 2019 లాంటివి క్షణాలు. మూడు రోజులు, రెండేళ్లు కొలతలు.

తేల్చుకోవడానికి నేను వాడేది మన "గా". "మూడు రోజులుగా" అనగలం కాబట్టి ఫర్. "సోమవారంగా" అనలేం, అక్కడ సిన్స్. నాకైతే వ్యాకరణ సూత్రం కన్నా ఇదే నమ్మకంగా అనిపిస్తుంది.

రెండో గీత క్రియ మీద. మొదలై ఇంకా సాగుతున్న పనికి "ఈజ్ లీకింగ్" చాలదు: "ది పంప్ హాజ్ బీన్ లీకింగ్ ఫర్ త్రీ డేస్", లేదా "సిన్స్ మండే".

ఆర్టికల్ కూడా ఇక్కడే తడబడుతుంది. "గత నెల నుంచి" అంటే "సిన్స్ లాస్ట్ మంత్", ది అక్కర్లేదు. "గత నెల రోజులుగా" అంటే "ఫర్ ది పాస్ట్ మంత్", ఇక్కడ ది తప్పనిసరి.

కారడం ఆగిపోయి ఉంటే సిన్స్, హాజ్ బీన్ రెండూ వద్దు: "ఇట్ లీక్డ్ ఫర్ త్రీ డేస్", లేదా "ఇట్ లీక్డ్ ఫ్రమ్ మండే టు వెన్స్‌డే".