దారం ఎటు తిరిగిందో చూపని ప్యాచ్ మాకప్: చాలాకాలం వాడాక సమీక్ష

రాయదుర్గం జీన్స్ యూనిట్లకు లేబుళ్లు, ప్యాచ్‌లు డిజైన్ చేసి, మెషీన్ ఎక్కకముందే ఎలా వస్తుందో చూపించడానికి వాడుతున్న ఫొటోషాప్ పీఎస్‌డీ మాకప్ సెట్ ఇది. ఇందులో నేత లేబుల్, మెడ ట్యాగ్, ఎంబ్రాయిడరీ ప్యాచ్ ఉన్నాయి. నేత లేబుల్ వరకు పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది. ప్యాచ్‌ను మాత్రం సరిచేయకుండా పార్టీకి పంపితే శాంపిల్ వచ్చిన రోజు మాట పడాల్సిందే.

తేడా ఎక్కడంటే, నేతలో పడుగు, పేక రెండే దిక్కులు. లోగో ఎలా ఉన్నా దారం అడ్డంగానో నిలువుగానో పోతుంది. ధర్మవరం చీర అంచు చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అందుకే లేబుల్ మొత్తానికి ఒకే టెక్స్చర్ పరిచినా నిజంగానే కనిపిస్తుంది. ఎంబ్రాయిడరీలో అలా కుదరదు. శాటిన్ కుట్టు గీతకు అడ్డంగా పడుతుంది కాబట్టి నిలువు గీతలో దారాలు అడ్డంగా, అడ్డ గీతలో నిలువుగా ఉంటాయి. గీత వంపు తిరిగితే దారాలూ దాంతోపాటే తిరుగుతాయి. ఈ సెట్ మాత్రం ప్యాచ్ అంతటా 45 డిగ్రీల టెక్స్చర్ ఒక్కటే వేస్తుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలకు ఎలాగో సర్దుకుపోవచ్చు గానీ, మన అక్షరాలన్నీ గుండ్రాలే కదా, అక్కడ గుట్టు బయటపడుతుంది.

ఉదాహరణకు 80 మి.మీ. వెడల్పు గుండ్రటి ప్యాచ్, మధ్యలో ‘ర’ అక్షరం అనుకుందాం. ముందు దారం మందం చూడాలి. ఇందులో మన డిజైన్ పెట్టే `Smart Object` వెడల్పు 2400 పిక్సెళ్లు, అంటే మిల్లీమీటరుకు 30. మామూలు 40 నంబరు దారంతో శాటిన్ కుట్టులో దారానికీ దారానికీ దూరం 0.4 మి.మీ. దాకా ఉంటుంది, అంటే 12 పిక్సెళ్లు. సెట్‌లోని టెక్స్చర్‌లో మాత్రం ఒక్కో దారం 36 పిక్సెళ్లుంది. మూడింతలు లావు! ప్యాచ్ దారంతో కాక నులక తాడుతో కుట్టినట్టుంటుంది. `Pattern Overlay` తెరిచి `Scale` 33కి తగ్గిస్తే సరిపోతుంది. చిన్న ప్యాచ్‌కు పెంచాల్సి వస్తే మాత్రం టెక్స్చర్ మసకబారుతుంది.

తర్వాత దిక్కు. అక్షరం గుండ్రటి భాగాన్ని, తలకట్టును వేర్వేరు లేయర్లుగా విడదీయాలి. గుండ్రానికి చదరపు ఫైల్‌లో నిలువు గీతల టెక్స్చర్ తీసుకుని `Filter > Distort > Polar Coordinates`లో `Rectangular to Polar` పెడితే గీతలు బండిచక్రం ఆకుల్లా మధ్యనుంచి విచ్చుకుంటాయి. గుండ్రం బయటి అడ్డకొలత 16 మి.మీ. అయితే చుట్టుకొలత సుమారు 50 మి.మీ., కాబట్టి 0.4 మి.మీ.కి ఒకటి చొప్పున 125 గీతలు చాలు. టెక్స్చర్ కుడి, ఎడమ అంచులు ఒకదానికొకటి అతకకపోతే పైభాగంలో అతుకు గీత కనిపిస్తుంది, దాన్ని ముందే చూసుకోవాలి. తలకట్టులోని రెండు గీతలకు మాత్రం టెక్స్చర్‌ను ఒక్కోదానికి విడిగా, గీతకు అడ్డంగా తిప్పితే చాలు.

ఇంత చేసినా మెరుపు లేకపోతే అచ్చువేసిన బొమ్మలాగే ఉంటుంది. ఒకే రంగు దారమైనా వెలుగుకు అడ్డంగా ఉన్నచోట మెరుస్తుంది, వెలుగు దిక్కునే సాగినచోట ముదురుగా కనిపిస్తుంది. గుండ్రంలో ఎదురెదురుగా రెండు మెరుపులు, వాటి మధ్య రెండు నీడలు వస్తాయి. `Gradient Overlay`లో `Angle` స్టైల్, `Soft Light` పెట్టి ఆ నాలుగూ వేస్తే ప్యాచ్‌కు ఒక్కసారిగా ప్రాణం వస్తుంది. సెట్ తయారుచేసినవాళ్లు ఇది వదిలేయడం వింతే.

మాకప్ ఎంత సరిచేసినా చూపలేనిది దారం లాగుడు. కుట్టు బిగిసి గుడ్డను దగ్గరికి లాగుతుంది కాబట్టి శాటిన్ గీత ఫైల్‌లోకంటే సన్నగా వస్తుంది. పంచింగ్, అంటే డిజైన్‌ను మెషీన్ కుట్లుగా మార్చే పని, చేసేవాళ్లు దానికోసమే గీతను కాస్త వెడల్పు చేస్తారు. అలా చేసినప్పుడు అక్షరం లోపలి సందు మిల్లీమీటరు కంటే తక్కువుంటే పూడిపోతుంది. మాకప్‌లో ఆ సందు శుభ్రంగా కనిపిస్తుంది, పార్టీ అదే వస్తుందనుకుంటారు. అందుకే అలాంటి అక్షరాలుంటే మాకప్ పక్కనే అసలు కొలతలో ప్రింట్ తీసిన కాగితం కూడా ఇవ్వాలి.

మెడ ట్యాగ్ గురించి ఒక్కమాట. మధ్యలో మడిచే ట్యాగ్‌ను ఈ సెట్ విప్పి, పూర్తి పొడవుతో చూపిస్తుంది. కుట్టాక కనిపించేది అందులో ఒక సగమే, పైగా కుట్టులోకి పోయే అంచు దానిలోంచే తగ్గాలి. సైజు అంకెను ఆ అంచుకు ఆనించి పెడితే కాలర్ కుట్టులో దాక్కుంటుంది.