మొదటి పనివాడికి నెల జీతమా, రోజు కూలీనా?

గేట్లు, గ్రిల్స్ చేసే షాపు పెట్టుకుని మొదటిసారి హెల్పర్‌ని పెట్టుకునేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. పని ఒక వారం ఉండి ఒక వారం లేకపోతే రోజు కూలీయే మేలనిపిస్తుంది. శనివారం లెక్క కట్టి ఇచ్చేస్తే చేతులు దులుపుకోవచ్చు. మొదటి రెండు మూడు నెలలకు నేనూ తప్పనను. ఆ తర్వాత మాత్రం నెల జీతమే మంచిదంటాను. కారణం అడ్వాన్సు.

రోజు కూలీ మనిషికి డబ్బు అవసరం ఎక్కువయ్యేది మన దగ్గర పని లేనప్పుడే. ఆ వారం మూడు రోజులే పని దొరికితే వచ్చే కూలీ సగమే. ఆ సగంలోంచి పాత అడ్వాన్సు కోసుకోవడం కుదరదు, పైగా కొత్తది ఇవ్వాల్సి వస్తుంది. అలా బాకీ పెరుగుతూనే ఉంటుంది. నెల జీతంలో పని లేని రోజు భారం మనది, కాబట్టి అతని రాబడి నిలకడగా ఉంటుంది. నెలకింత అని ముందే మాట్లాడుకున్న కోత ఆగకుండా సాగుతుంది.

అయితే నెల జీతంలో వేరే చిక్కుంది. నెల మధ్యలో ఖర్చులకు అడుగుతారు. నా మొదటి హెల్పర్ ఇంటి అద్దె అడ్వాన్సు కోసం 8,000 తీసుకున్నాడు. నెలకు 2,000 చొప్పున రెండు నెలలు కోశాను. దానితోపాటు ప్రతి శనివారం ఖర్చులకు 500 ఇచ్చేవాణ్ణి. అన్నీ ఒకే వరసలో రాసుకున్నాను. మూడో నెల జీతం రోజున “ఇంకా ఆరు వేలుంది” అన్నాను. “నాలుగే కదన్నా” అన్నాడు. అరగంట వాదించుకున్నాం. నిజానికి ఇద్దరి లెక్కా తప్పు కాదు. అప్పు బాకీ 4,000, ఆ నెల నాలుగు శనివారాల ఖర్చులు 2,000. శనివారం ఇచ్చేది అతను అప్పటికే పని చేసి సంపాదించుకున్న కూలీ, నెలాఖరుకు మొత్తం తీసేయాలి. అద్దెకిచ్చింది ఇంకా చేయని పనికి ఇచ్చిన డబ్బు, వాయిదాల్లో తీరాలి. ఈ రెంటికీ వేరు వేరు గళ్లు ఉండాలి.

ఇక ఓవర్‌టైమ్. మన దగ్గర రాత్రి నాలుగు గంటలు ఎక్కువ చేస్తే “ఒకటిన్నర హాజరు” వేస్తారు. అక్కడే పనివాడికి నష్టం. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం అదనపు గంటకు రెట్టింపు ఇవ్వాలి. అంటే ఎనిమిది గంటల రోజు మీద నాలుగు గంటలు ఎక్కువైతే అర హాజరు కాదు, ఒక పూర్తి హాజరు. రోజు కూలీ అయినా, నెల జీతమైనా ఇదే లెక్క. హాజరు టిక్కు పెట్టడం కాకుండా వచ్చిన టైము, వెళ్లిన టైము రాస్తేనే ఇది తేలుతుంది.

ఆ మూడో నెల లెక్కే చూడండి. జీతం 15,600. దాన్ని 26తో భాగిస్తే రోజుకు 600, ఎనిమిదితో భాగిస్తే గంటకు 75, ఓవర్‌టైమ్ గంటకు 150. రెండు రోజులు రాలేదు, 1,200 పోయింది. తొమ్మిది గంటల ఓవర్‌టైమ్‌కు 1,350 కలిసింది. మొత్తం సంపాదన 15,750. శనివారాల ఖర్చులు 2,000, అప్పు వాయిదా 2,000 తీసేస్తే చేతికి 11,750. అప్పు ఇంకా 2,000. కోతలన్నీ కలిపి సంపాదనలో సగం దాటకూడదు. జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు అందాలి. ఈ పనికి మీ రాష్ట్రంలో కనీస వేతనం ఎంతో చూసుకున్నాకే జీతం మాట్లాడుకోండి.

కిలో లెక్కనో, అడుగు లెక్కనో పీస్ రేటు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. నేర్చుకునే మనిషికి అది సరిపడదు.

పుస్తకం విషయానికొస్తే నేను కార్బన్ కాపీ వచ్చే బిల్ బుక్ వాడుతున్నాను. అడ్వాన్సు ఇచ్చిన రోజే తేదీ, అంకె, అది ఖర్చా అప్పా అన్నది రాసి, అతని సంతకం తీసుకుని, ఒక కాపీ అతనికే ఇస్తాను. ఫోన్‌పేలో పంపినా సరే, స్లిప్పు రాస్తాను. డబ్బు వెళ్లిందన్న సంగతి ఫోన్‌లో ఉంటుంది గానీ, ఎందుకు వెళ్లిందన్నది చాలాసార్లు ఉండదు. నెలాఖరున పైన చూపిన లెక్క మొత్తం జీతం స్లిప్పుగా రాసిస్తాను. ఒక్క మనిషే ఉన్నా స్లిప్పు ఇవ్వాల్సిందే.

అప్పు ఒక నెల జీతం దాటనివ్వను, వడ్డీ వేయను. బాకీ ఉందని మనిషిని పనిలో కట్టిపడేయడం 1976 నుంచీ చట్టరీత్యా నేరం. మానేస్తానంటే రెండు పనిదినాల్లో లెక్క తేల్చి రావాల్సింది ఇచ్చేయాలి. అప్పుడు బాకీ ఎంతో అతని దగ్గరున్న కాపీలూ, నా బుక్కూ పక్కపక్కన పెట్టి ఇద్దరం కూడతాం.