ఐపీ పెట్టడమా, బ్యాంకుతో సెటిల్‌మెంటా?

కూకట్‌పల్లిలో ఫ్లాటు, తాకట్టు లేని అప్పులు 12 లక్షలు ఉన్న చిరువ్యాపారిని తీసుకుందాం.

ఆస్తి: ఐపీపై కోర్టు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద దివాలా ప్రకటిస్తే ఫ్లాటు కోర్టు నియమించే రిసీవరు చేతికి పోతుంది, ఐపీ పెట్టడానికి ముందు రెండేళ్లలో భార్య పేర రాసిన దానపత్రాన్నీ కోర్టు రద్దు చేయవచ్చు. సెటిల్‌మెంటులో ఫ్లాటు మిగులుతుంది గాని, ఒప్పుకున్న సొమ్ము గడువులోగా కట్టాలి.

కొత్త అప్పు: సెటిల్‌మెంటు తర్వాత సిబిల్ నివేదికలో ‘క్లోజ్డ్’ బదులు ‘సెటిల్డ్’ అని పడుతుంది, దాన్ని చూసి బ్యాంకులు వెనకాడతాయి. ఐపీలోనైతే, అప్పుల నుంచి విడుదల చేసే కోర్టు ఉత్తర్వు రాకముందు దివాలా సంగతి దాచి 50 రూపాయలు అప్పు తెచ్చినా నేరమే (పాత చట్టం మరి!).

ఆస్తి లేక, రుణదాతలు పదిమందై రాజీకి రాకపోతే ఐపీ మేలు. ఫ్లాటు నిలుపుకోవాలనుకుని, సొమ్ము కూడగట్టగలిగితే సెటిల్‌మెంటే మేలు, బకాయి లేదన్న లేఖ మాత్రం తప్పక తీసుకోవాలి.