ముందు ‘మనిద్దరమే’ అన్న మాటా, లేక బంధానికి పేరా?

ఆరేడు వారాలుగా తరచూ కలుస్తున్నా ఏమీ తేల్చుకోని ఇద్దరి ముందు నిజానికి రెండు ప్రశ్నలుంటాయి: వేరెవరినీ కలవకుండా ఉందామా అన్నది ఒకటి, ఈ బంధాన్ని ఏమని పిలుద్దామన్నది రెండోది.

శ్రమ: మొదటిది అడగడం తేలిక. "నేను డేటింగ్ యాప్ తీసేశాను, వేరెవరినీ కలవడం లేదు, నీ సంగతేమిటి?" అని ముందు తన సంగతి చెప్పి అడిగితే చాలు. రెండోదానికి ఇంట్లో చెప్పడం, నలుగురికీ పరిచయం చేయడం వంటివి తోడవుతాయి కనుక ఎదుటివారికి కొన్ని రోజుల వ్యవధి ఇవ్వాలి.

నష్టభయం: పేరు అడిగితే తొందరపెట్టినట్టు అనిపించవచ్చు, అంతే. మొదటిది అడగకపోతే మాత్రం, ఒకరు తామిద్దరమే అనుకుంటూ ఉండగా మరొకరు ఇంకొకరిని కలుస్తూ ఉండవచ్చు. అప్పుడు ఎవరూ మాట తప్పకపోయినా మోసపోయిన బాధ మిగులుతుంది. శారీరక సంబంధం ఉంటే ఇది ఆరోగ్యానికి సంబంధించిన విషయం కూడా, కనుక దీన్ని వాయిదా వేయకూడదని నా అభిప్రాయం.

జవాబు: పేరు విషయంలో "చూద్దాం" అనడం సహజమే. మొదటి ప్రశ్నకూ అదే జవాబైతే, ప్రస్తుతానికి కాదనే అర్థం చేసుకోవాలి.

ఇంకా ఒకరి స్నేహితులను మరొకరు కలవనివారికి మొదటి ప్రశ్న చాలు. "ఈమె నా..." అంటూ పరిచయం దగ్గరే మాట ఆగిపోతున్నవారు రెండింటినీ ఒకే సాయంత్రం తేల్చుకోవడం మేలు.